కుక్కల్లో ప్లేట్‌లెట్లు పడిపోతే: పిడుదుల జబ్బా, సొంత రోగనిరోధక శక్తి చేసే దాడా? తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో వాతావరణం ఏడాది పొడవునా పిడుదులకు అనుకూలంగానే ఉంటుంది. అందువల్ల ఇక్కడ కుక్కకు ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే ఇంట్లోవాళ్లూ, చాలాసార్లు డాక్టర్లూ మొదట అనుకునేది పిడుదుల జ్వరమనే. ఎక్కువ సందర్భాల్లో ఆ అనుమానం సరైనదే. అయితే కొన్ని కుక్కల్లో వాటి రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను పట్టి నాశనం చేస్తుంటుంది. అలాంటి కుక్కకు పిడుదుల జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చి వారం రోజులు ఎదురుచూస్తే ఆ వారంలోనే ప్రాణం మీదికి రావచ్చు. వైద్యానికి వచ్చే తెలుగు కుటుంబాలు ఈ రెండింటి గురించి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. మోతాదులు రాసింది మీ చేతిలో ఉన్న మందులచీటీ మీకు అర్థం కావడానికే. వాటిని చూసి ఇంట్లో వైద్యం మొదలుపెట్టవద్దు.

రిపోర్టులో ప్లేట్‌లెట్లు 20,000 అని వచ్చింది. ఆ అంకెను నమ్మవచ్చా?

స్మియర్ చూసేవరకు నమ్మకండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క రక్తంలో మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. ప్రయోగశాలను బట్టి ఈ హద్దులు కొంచెం మారుతాయి. రక్తం తీసేటప్పుడు కుక్క పెనుగులాడినా, సూది నరంలో సరిగ్గా దిగక రక్తం మెల్లగా వచ్చినా ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపును ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టలేదు కాబట్టి రెండు లక్షలున్న కుక్కకు కూడా ఇరవై వేలని చూపించగలదు. మామూలుకంటే పెద్దవైన ప్లేట్‌లెట్లను కొన్ని మిషన్లు ఎర్రకణాల ఖాతాలో వేస్తాయి.

అందుకే గాజుపలక మీద రక్తాన్ని పలుచగా పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడాలి. స్మియర్ అంటే ఇదే. ముందుగా ఆ పొర చివరి అంచున గుంపులు ఉన్నాయేమో వెతకాలి. ఉంటే అంకెను పక్కన పెట్టి మళ్లీ రక్తం తీయాలి. గుంపులు లేకపోతే, ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకున్న చోట నూనె చుక్క వేసి చూసే కటకంతో పది చోట్ల ప్లేట్‌లెట్లు లెక్కపెట్టి సగటు తీయాలి. ఒక చోట కనిపించే ఒక్కో ప్లేట్‌లెట్‌ను సుమారు 15,000గా లెక్కిస్తారు. సగటున పదికి పైగా కనిపిస్తే కంగారు లేదు. పది చోట్ల వెతికినా రెండో మూడో మాత్రమే దొరికితే అది నిజమైన పతనమే. దీనికి పట్టేది పది నిమిషాలు. అయినా ఈ పని జరగకుండానే స్టెరాయిడ్ల దాకా వెళ్లిన కుక్కలను చూశాను కాబట్టి, "స్మియర్ చూశారా డాక్టరుగారూ" అని అడగడానికి మొహమాటపడకండి.

గ్రేహౌండ్ జాతికి సహజంగానే అంకె కాస్త తక్కువ. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌లో వంశపారంపర్యంగా ప్లేట్‌లెట్లు తక్కువగానూ పెద్దవిగానూ ఉంటాయి. అది జబ్బు కాదు.

రెండు జబ్బుల్లోనూ ప్లేట్‌లెట్లే తగ్గుతున్నప్పుడు తేడా తెలుసుకోవడం ఎందుకు?

వైద్యం వేరు, వైద్యం నడిచే కాలం వేరు, పొంచి ఉన్న ప్రమాదాలు వేరు. చెన్నైలో పిడుదుల వల్ల వచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది ఎర్లీకియా కేనిస్ అనే బ్యాక్టీరియా తెచ్చేది. గోధుమరంగు కుక్కపిడుదు, అంటే ఇక్కడి తమిళ డాక్టర్లు ఉణ్ణి అనేది, కుట్టినప్పుడు ఈ క్రిమి రక్తంలో చేరి తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. దానికి డాక్సీసైక్లిన్ 28 రోజులు ఇస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి.

రెండోది ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. డాక్టర్లు దీన్ని ఐటీపీ అంటారు. ఇందులో శరీరం తన ప్లేట్‌లెట్ల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ యాంటీబాడీలు అంటుకున్న ప్లేట్‌లెట్లను ప్లీహంలోని కణాలు మింగేస్తాయి. దీనికి స్టెరాయిడ్ల వంటి, రోగనిరోధక శక్తిని అణచే మందులు నెలల తరబడి కావాలి. అవసరం లేని కుక్కకు ఆ మందులు అన్ని నెలలు ఇస్తే, అదుపులో ఉండాల్సిన ఇన్ఫెక్షన్ విజృంభించవచ్చు. అవసరమైన కుక్కకు ఇవ్వకపోతే రక్తస్రావంతో చనిపోవచ్చు.

వీటి మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఎర్లీకియా సోకిన కుక్కలో కూడా కొంతమేర యాంటీబాడీల వల్లే ప్లేట్‌లెట్లు నశిస్తాయి. కాబట్టి అసలు తేల్చవలసింది, ఈ నాశనం వెనుక చికిత్స చేయదగిన క్రిమి ఉందా, లేక రోగనిరోధక వ్యవస్థ ఏ కారణమూ కనిపించకుండా తానుగా ఎదురుతిరిగిందా అన్నది.

మొదటి రోజు, పెద్ద పరీక్షల ఫలితాలు రాకముందే, ఎటు మొగ్గు ఉందో ఎలా చెప్పగలరు?

నేను ముందుగా చూసేది ప్లేట్‌లెట్ల అంకె ఎంత లోతుకు పడిందన్నది. ఐటీపీలో అది సాధారణంగా 20,000 లోపు ఉంటుంది. 10,000 కూడా లేకపోవడం కొత్తేమీ కాదు. ఎర్లీకియాలో చాలా కుక్కలకు 50,000 నుంచి లక్షన్నర మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ నియమానికి మినహాయింపులు ఉన్నాయి గానీ, స్మియర్‌లో ఒక్క ప్లేట్‌లెట్ కూడా దొరకని కుక్కను ఉట్టి పిడుదుల జ్వరమని పక్కన పెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

ఆ తరువాత చూసేది మిగతా శరీరం. ఐటీపీ కుక్క తరచుగా హుషారుగానే ఉంటుంది, అన్నం తింటుంది, జ్వరం ఉండదు. స్నానం చేయిస్తున్నప్పుడు పొట్ట మీద ఎర్రచుక్కలు కనిపించాయని తీసుకొస్తారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తప్ప మిగతావన్నీ దాదాపు సరిగ్గా ఉంటాయి. రక్తం పోయి ఉంటేనే ఎర్రకణాలు తగ్గుతాయి. ఎర్లీకియా కుక్క మాత్రం చూడగానే జబ్బుగా ఉంటుంది. 103, 104 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం, తిండి మానేయడం, దవడ కింద, మోకాలి వెనుక గ్రంథులు ఉబ్బడం, ప్లీహం పెరగడం, కొన్నిసార్లు కళ్లు ఎర్రబడి మసకబారడం ఉంటాయి. రక్తంలో గ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ పెరిగితే, అదీ దీర్ఘకాలంగా ఉన్న ఎర్లీకియాలో బాగా పెరిగితే, మొగ్గు అటే.

ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ కలిసి పడిపోయినప్పుడు ఐటీపీ అన్న ఆలోచన వెనక్కి వెళ్తుంది. ఎర్లీకియా ముదిరి ఎముక మజ్జ పనిచేయడం మానేసినప్పుడు అలా జరుగుతుంది. ఆ దశ నుంచి కోలుకోవడం కష్టం. మజ్జను సూదితో తీసి చూడాల్సింది అలాంటప్పుడే. ప్లేట్‌లెట్లు ఒక్కటే తగ్గిన కుక్కకు ఆ పరీక్ష సాధారణంగా అక్కర లేదు.

ఐటీపీ అని నేరుగా చెప్పే పరీక్ష మా చేతిలో లేదు. మిగతా కారణాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ చేరే నిర్ణయమిది. అందుకే గత నెలలో వాడిన మందులన్నీ చెప్పమని పదేపదే అడుగుతాం. సల్ఫా మందులు, కొన్ని సెఫలోస్పోరిన్లు కూడా ఇదే పని చేయగలవు. పెద్ద వయసు కుక్కకు పొట్ట స్కానింగ్, ఛాతీ ఎక్స్‌రే చేయించమనేది ప్లీహంలోనో గ్రంథుల్లోనో కణితి దాక్కుని ఉందేమో చూడటానికి.

కిట్ పరీక్షలో ఎర్లీకియా పాజిటివ్ వచ్చింది. ఇంకా అనుమానం ఎందుకు?

క్లినిక్‌లో పది నిమిషాల్లో ఫలితమిచ్చే కిట్లు ఎక్కువగా వెతికేది యాంటీబాడీలను. మీ కుక్క ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమిని ఎదుర్కొందని మాత్రమే అవి చెబుతాయి. ప్లేట్‌లెట్లు ఈ రోజు పడిపోవడానికి కారణం అదేనని చెప్పవు. క్రిమి పోయాక కూడా యాంటీబాడీలు నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు రక్తంలో ఉంటాయి. పిడుదులు ఇంత విస్తారంగా ఉన్న ఊళ్లో, వీధికి వెళ్లి వచ్చే ఆరోగ్యమైన కుక్కలను పరీక్షించినా కొన్ని పాజిటివ్ వస్తాయి. అటు జబ్బు మొదలైన తొలి రోజుల్లో యాంటీబాడీలు ఇంకా తయారు కాక నెగెటివ్ కూడా రావచ్చు. పిడుదు కుట్టాక లక్షణాలు బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది కాబట్టి, అప్పటికి కుక్క ఒంటి మీద ఒక్క పిడుదు కూడా ఉండకపోవచ్చు.

క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఇంతకంటే నేరుగా సమాధానమిస్తుంది. దాన్ని డాక్సీసైక్లిన్ మొదటి మోతాదు పడకముందే తీసిన రక్తంతో చేయాలి. రెండు మూడు రోజులు మందు వాడాక పంపితే, క్రిమి ఉన్నా దొరకకపోవచ్చు. వేరే క్లినిక్‌లో ఇంజెక్షన్లు వేయించి వచ్చిన కుక్క విషయంలో మాకు ఎదురయ్యే పెద్ద ఇబ్బంది ఇదే. పీసీఆర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన క్రిమి లేదని ఖాయంగా అనలేం. అది రక్తంలో తగ్గి ప్లీహంలో దాగి ఉండవచ్చు.

ఒకే పిడుదు ఒకటికి మించిన జబ్బులు మోస్తుంది. అందుకే బేబీసియా, అనాప్లాస్మా కూడా కలిసిన పీసీఆర్ అడగండి. బేబీసియా ఎర్రకణాలను పగలగొట్టే పరాన్నజీవి. దాని వల్ల రక్తహీనతతో పాటు ప్లేట్‌లెట్లు కూడా బాగా పడిపోతాయి. మన దగ్గర కనిపించే బేబీసియా గిబ్సొనై డాక్సీసైక్లిన్‌తో పోదు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇస్తారు.

ప్లేట్‌లెట్లు ఎంతకు పడితే ప్రమాదం?

అంకె ప్రమాదానికి అవకాశాన్ని చెబుతుంది, ప్రమాదం ఎంత దగ్గరపడిందో కుక్క శరీరమే చెబుతుంది. సాధారణంగా 50,000 పైన ఉన్నంతవరకు దెబ్బ తగలకుండా దానంతటది రక్తం కారదు. 30,000 కిందికి వచ్చినప్పటి నుంచి ఆ భయం మొదలవుతుంది. కానీ 5,000తో ఒంటి మీద నాలుగు చుక్కలు తప్ప ఏమీ లేని కుక్కలున్నాయి, 60,000తో ముక్కు నుంచి ధారగా రక్తం కారే కుక్కలూ ఉన్నాయి.

రెండో రకం కుక్కలు ఎక్కువగా ఎర్లీకియావే. ఆ జబ్బులో ప్లేట్‌లెట్లు ఉన్నా సరిగ్గా అతుక్కోవు, రక్తనాళాల గోడలు వాచి ఉంటాయి, గ్లోబ్యులిన్ మరీ పెరిగితే రక్తం చిక్కబడుతుంది. ఐటీపీలో మజ్జ నుంచి కొత్తగా వచ్చే ప్లేట్‌లెట్లు కొద్దివే అయినా చురుకైనవి, కాబట్టి ఆ కొద్దిపాటితోనే శరీరం కొంతకాలం నెట్టుకొస్తుంది. డెంగీలో మనుషులకు చెప్పుకునే హద్దులను కుక్కకు వర్తింపజేసి "ఇంకా ఇరవై వేలు ఉన్నాయి కదా" అని నిశ్చింతగా ఉండవద్దని అందుకే అంటాను.

రక్తం ఎక్కడ పోతోందన్నది అంకెకంటే ముఖ్యం. చర్మం మీది ఎర్రచుక్కలు, పొట్ట మీది నీలిమచ్చలు జబ్బుకు గుర్తులేగానీ వాటితో ప్రాణం పోదు. పేగుల్లో రక్తస్రావం మాత్రం ప్రమాదకరం. ఐటీపీలో మలం నల్లగా తారులా వచ్చే కుక్కలు కోలుకునే అవకాశం అలా రాని వాటికంటే తక్కువని పరిశోధనల్లో తేలింది. ఊపిరితిత్తుల్లో, మెదడులో రక్తస్రావం అరుదు గానీ అన్నిటికంటే భయంకరం. ఆసుపత్రిలో దీన్ని క్రమంగా గమనించడానికి డాగిబ్యాట్ అనే పట్టిక ఉంది. శరీరంలో తొమ్మిది చోట్ల రక్తస్రావాన్ని చూసి, ఒక్కో చోటికి 0, 1 లేదా 2 వేసి ప్రతిరోజూ కూడతారు. ఈ మొత్తం ఎక్కువగా ఉన్న కుక్కలకు రక్తం ఎక్కించాల్సిన అవసరమూ ఎక్కువగా వస్తుంది.

ఇంట్లో మేము ఏమి చూసుకోవాలి?

రోజుకు రెండుసార్లు, పగటి వెలుతురులో, పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. చుక్కలు కొత్తగా వస్తున్నాయా అన్నది ఒక విషయం, చిగురు రంగు పాలిపోతోందా అన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. చెవి లోపలి వైపు, పొట్ట కింద వెంట్రుకలు పలుచగా ఉన్న చోట, కంటి తెల్లగుడ్డు మీద కూడా చూడండి. మలం నల్లగా ఉంటే కొంచెం తెల్లకాగితం మీద తీసి నీళ్లు కలపండి. కాగితం మీద ఎర్రటి ఛాయ పాకితే అది రక్తమే. ఐరన్ టానిక్ వాడుతున్న కుక్కకు మలం నల్లబడుతుంది గానీ ఆ ఎరుపు రాదు. కుక్క నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. రోజురోజుకూ పెరుగుతుంటే రక్తం తగ్గుతోందని గానీ, ఊపిరితిత్తుల్లో ఏదో జరుగుతోందని గానీ అర్థం.

ఉన్నట్టుండి తూలడం, తల ఒక పక్కకు వాల్చడం, మూర్ఛ, చూపు పోయినట్టు గోడలకు తగలడం, ముక్కు రక్తం పది నిమిషాలకు కూడా ఆగకపోవడం, నిలబడలేకపోవడం కనిపిస్తే ఉదయం దాకా ఆగవద్దు.

కోలుకునేవరకు ఎముకలు, గట్టి బిస్కట్లు పెట్టకండి, పళ్లు తోమకండి, మెడపట్టీ తీసి ఛాతీపట్టీ వేయండి, మెట్లు ఎక్కి దూకనివ్వకండి. నొప్పికి మెలాక్సికామ్ గానీ ఆస్ప్రిన్ గానీ ఇవ్వకండి. ఆస్ప్రిన్ ప్లేట్‌లెట్ల పనిని చెడగొడుతుంది, రెండింటిలో ఏది స్టెరాయిడ్‌తో కలిసినా కడుపులో పుండ్లు పడవచ్చు. కండలోకి ఇంజెక్షన్ వేయబోతే అంకె ఎంతుందో చెప్పి వేరే మార్గం అడగండి. మెడలోని పెద్ద నరం నుంచి రక్తం తీయనివ్వకండి. కాలి నరం నుంచి తీసి, అయిదు నిమిషాలు వేలితో అదిమి పట్టుకుంటే చాలు.

ఒక కుక్క విషయంలో ఇదంతా ఎలా నడుస్తుందో చెప్పగలరా?

పెరంబూరులోని ఒక ఇంట్లో అయిదేళ్ల ఆడ కాకర్ స్పానియల్ ఉందనుకుందాం, బరువు పది కిలోలు. ఆదివారం స్నానంలో పొట్ట నిండా ఎర్రచుక్కలు కనిపించాయి, సోమవారం మలం ఒకసారి నల్లగా వచ్చింది. జ్వరం లేదు, గ్రంథులు మామూలుగా ఉన్నాయి, కుక్క తోక ఊపుతూనే ఉంది. మిషన్ 7,000 అని చూపింది. స్మియర్‌లో పది చోట్ల కలిపి దొరికినవి నాలుగే ప్లేట్‌లెట్లు, అందులో రెండు ఎర్రకణమంత పెద్దవి, అంచున గుంపులేమీ లేవు. రక్తంలో ఎర్రకణాల శాతం, అంటే పీసీవీ 38, మొత్తం ప్రొటీన్ 6.4, గ్లోబ్యులిన్ మామూలే. కిట్ మీద ఎర్లీకియా గీత పడింది.

కిట్‌ను నమ్మి ఇంటికి పంపేస్తే సులువే. కానీ అంత లోతుకు పడిన అంకె, జ్వరం లేకపోవడం, మిగతా కణాలు సరిగ్గా ఉండటం, గ్లోబ్యులిన్ పెరగకపోవడం, అన్నీ ఐటీపీ వైపే చూపుతున్నాయి. పైగా ఐటీపీ ఎక్కువగా వచ్చే జాతుల్లో కాకర్ స్పానియల్ ఒకటి. అందుకే ముందు పీసీఆర్‌కు రక్తం తీసి పక్కన పెట్టి, వెంటనే డాక్సీసైక్లిన్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెడతాం. పీసీఆర్ కోసం మూడు నాలుగు రోజులు ఆగే వ్యవధి ఈ కుక్కకు లేదు కాబట్టి, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 20 మిల్లీగ్రాములు అదే రోజు ఇస్తాం. విన్‌క్రిస్టీన్ కిలోకు 0.02 లెక్కన 0.2 మిల్లీగ్రాములు నరంలోకి ఒక్కసారి వేస్తాం. అది మజ్జలోంచి ప్లేట్‌లెట్లు త్వరగా బయటికి వచ్చేలా చేస్తుంది. నరం బయట చుక్క పడినా కండ కుళ్లిపోతుంది కాబట్టి కదలని సూది పెట్టాకే వేయాలి. మలం నల్లగా వచ్చింది కాబట్టి కుక్కను ఆసుపత్రిలోనే ఉంచుతాం.

మంగళవారం పీసీవీ 31, ప్రొటీన్ 5.6. రెండూ కలిసి తగ్గాయంటే రక్తం శరీరం నుంచి పోతోంది. ఎర్రకణాలు లోపలే పగిలి ఉంటే పీసీవీ తగ్గినా ప్రొటీన్ నిలబడేది. రక్తదాత కుక్కను సిద్ధంగా ఉండమని చెబుతాం. బుధవారం పీసీవీ 28, ప్లేట్‌లెట్లు 9,000. ఇక్కడే ఇంటివాళ్లకు ధైర్యం సడలుతుంది, మందు పనిచేయడం లేదనుకుంటారు. ఐటీపీలో అంకె లేవడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. గురువారం పీసీవీ 28 దగ్గరే ఆగింది, మలం రంగు మారింది, పీసీఆర్ మూడు క్రిములకూ నెగెటివ్ వచ్చింది. శుక్రవారం 41,000, ఆదివారం 1,60,000.

పీసీఆర్ నెగెటివ్ అయినా డాక్సీసైక్లిన్ 28 రోజులూ పూర్తి చేయిస్తాను. కిట్ పాజిటివ్‌గా ఉన్న కుక్కకు నెలల తరబడి స్టెరాయిడ్ ఇవ్వబోతూ, దాగిన క్రిమిని వదిలేయడం నాకు సమ్మతం కాదు.

రెండు మందులూ కలిపి ఇస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

ప్లేట్‌లెట్లు పెరిగినంత మాత్రాన తెలియదు. ఎర్లీకియా కుక్కకు స్టెరాయిడ్ ఇచ్చినా అంకె కొంత లేస్తుంది, ఎందుకంటే అక్కడా యాంటీబాడీల పాత్ర ఉంది. "స్టెరాయిడ్‌తో పెరిగింది కాబట్టి ఐటీపీయే" అన్న వాదన అందుకే నిలవదు. తేల్చేవి మొదటి రోజు స్మియర్, మిగతా రక్తపరీక్షలు, మందుకు ముందు తీసిన పీసీఆర్.

కుక్కకు జ్వరం ఉండి, అంకె 60,000 నుంచి 80,000 మధ్య ఉండి, ఎక్కడా రక్తం పోకపోతే స్టెరాయిడ్ అవసరం రాదు. డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చి చూడాలి. ఎర్లీకియా అయితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి కుక్క తిండికి లేస్తుంది, వారంలో ప్లేట్‌లెట్లు స్పష్టంగా పెరుగుతాయి. వారం దాటినా కదలిక లేకపోతే నిర్ధారణను మళ్లీ తెరవాలి. బేబీసియా కలిసి ఉందేమో వెతకాలి. మరోవైపు, పీసీఆర్‌లో ఎర్లీకియా పాజిటివ్ వచ్చినా ప్లేట్‌లెట్లు 10,000 లోపు ఉండి రక్తం పోతుంటే, కొద్ది రోజులు మాత్రమే స్టెరాయిడ్ తోడివ్వడం సమంజసమే. అలా మొదలైన స్టెరాయిడ్‌ను నెలలు లాగకూడదు.

మనుషులకు ఎక్కించినట్టు ప్లేట్‌లెట్లు ఎక్కించరా?

ఐటీపీలో ఎక్కించిన ప్లేట్‌లెట్లను కూడా అదే యాంటీబాడీలు పట్టుకుంటాయి, కొన్ని గంటల్లోనే అవి మాయమవుతాయి. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తస్రావం అవుతున్నప్పుడు ఆ కొన్ని గంటలే విలువైనవి కాబట్టి అప్పుడు ప్రయత్నిస్తారు. మిగతా సందర్భాల్లో రక్తం ఎక్కించేది ఎర్రకణాల కోసం. పీసీవీ 20 కిందికి జారుతూ, చిగుళ్లు పాలిపోయి, గుండె వేగం పెరిగినప్పుడు దాని అవసరం వస్తుంది. అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు. వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి జంతువుల రక్తనిధి ఉంది. అయినా మీ వీధిలో 25 కిలోలు దాటిన, టీకాలు వేయించుకున్న, పిడుదుల జబ్బులు లేవని పరీక్షలో తేలిన కుక్క ఏదైనా ఉందేమో ముందే కనుక్కోండి. ఎర్లీకియా మోస్తున్న దాత నుంచి ఆ క్రిమి రక్తం ద్వారానే మీ కుక్కకు చేరుతుంది.

బొప్పాయి ఆకు రసం ఇవ్వవచ్చా?

డెంగీ కాలంలో అలవాటైన మాట ఇది. పిడుదుల జబ్బులో గానీ ఐటీపీలో గానీ కుక్కకు దాని మీద ఆధారపడి మందు ఆపడానికి తగిన ఆధారం లేదు. చేదు రసం బలవంతంగా పోస్తే వాంతులవుతాయి. వాంతిలో మందు మాత్ర పోతుంది, ఆ ఒత్తిడికి కళ్లలో, కడుపులో రక్తస్రావం మొదలుకావచ్చు. నోట్లోకి ఏదీ బలవంతంగా పోయవద్దనే చెబుతాను.

ఎలుకల మందు తిన్నా ఇలాగే ఉంటుందా?

బయటికి పోలికలు ఉన్నా, ఆ విషం దెబ్బతీసేది ప్లేట్‌లెట్లను కాదు, రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే పదార్థాలను. చిన్నచుక్కలకంటే పెద్ద గడ్డలు, కీళ్లలో, ఛాతీలో రక్తం చేరడం అక్కడ ఎక్కువ. రక్తం పోయినకొద్దీ ప్లేట్‌లెట్లు కూడా కొంత ఖర్చవుతాయి కాబట్టి అంకె కాస్త తగ్గి మోసం చేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే పీటీ, ఏపీటీటీ పరీక్షలతో తేడా తెలుస్తుంది. ఐటీపీలో ఆ రెండూ మామూలుగా ఉంటాయి. వైద్యం విటమిన్ కె1, కాబట్టి ఇంట్లోనో అపార్ట్‌మెంటు సెల్లారులోనో ఎలుకల మందు పెట్టి ఉంటే తప్పక చెప్పండి.

అంకె మామూలుకు వచ్చింది. స్టెరాయిడ్ ఎప్పుడు ఆపాలి?

ఒక్కసారిగా ఎప్పుడూ ఆపకూడదు. ప్లేట్‌లెట్లు కనీసం రెండు వారాలు మామూలుగా నిలబడ్డాక మోతాదును నాలుగో వంతు తగ్గించి, రెండు మూడు వారాలకొకసారి పరీక్ష చేసి, అంకె నిలిచి ఉంటేనే మళ్లీ తగ్గిస్తారు. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. ఈ నెలల్లో కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంది, మూత్రం పోస్తుంది, ఆకలితో అల్లాడుతుంది, పొట్ట పెరుగుతుంది, కండ తగ్గుతుంది. వాటిని చూసి భయపడి ఇంటివాళ్లే మాత్రలు మానేసినప్పుడు జబ్బు తిరగబెట్టడం జరుగుతుంది. ఇబ్బంది భరించలేనంతగా ఉంటే మైకోఫినొలేట్ వంటి రెండో మందు చేర్చి స్టెరాయిడ్‌ను త్వరగా తగ్గించే దారి ఉంది, దాని గురించి అడగండి.

మోతాదు తగ్గించిన ప్రతిసారీ తరువాతి పది రోజులు చిగుళ్లు, పొట్ట చూడటం మానవద్దు. ఈ కాలంలో మళ్లీ ప్లేట్‌లెట్లు పడితే అది ఐటీపీ తిరగబెట్టడమో, కొత్తగా పిడుదు కుట్టడమో తేలాలి కాబట్టి స్మియర్‌తో, పీసీఆర్‌తో మళ్లీ మొదటి నుంచి చూస్తాం. అందుకే పిడుదుల మందు నెలనెలా గానీ, ఫ్లురలానెర్ మాత్ర అయితే పన్నెండు వారాలకొకసారి గానీ క్రమం తప్పకుండా ఇవ్వండి. ఈ పిడుదు గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే చోట ఆ పగుళ్లను సిమెంటుతో పూడ్పించండి.